చెట్టుమందే కదా!

మే నెల ఎండలో చౌటుప్పల్‌లో చెమట పట్టనివారు ఉండరు. కానీ సంక్రాంతి చలికి ఇంటిల్లిపాదీ దుప్పట్లు కప్పుకున్న రాత్రి ఒక్క ఇల్లాలికే ఛాతీ నుంచి ముఖానికి సెగ ఎగదన్ని, ఒళ్లు తడిసి, కాసేపటికి వణుకు పుడితే దానికి కారణం వేరు. ముట్లుడిగే వయసులో ఈస్ట్రోజెన్ తగ్గుతుంది. ఒంటి వేడిని అదుపుచేసే మెదడు భాగం అప్పుడు అతిగా స్పందిస్తుంది. వేడి ఇసుమంత పెరిగినా చెమట పట్టించి చల్లార్చాలని చూస్తుంది. ఆడవాళ్లు ఆవిర్లు అని చెప్పుకునేది దీన్నే.

మన దగ్గర ఈ బాధ చాలామందికి వయసు రాకముందే వస్తోంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురైతే, తెలంగాణలో దాదాపు ఎనిమిది మంది, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది. హైదరాబాద్‌కు చెందిన వైద్యులు కామేశ్వరి, ప్రకాశ్ వింజమూరి మెదక్ పల్లెల్లో తిరిగి, చిన్న వయసులోనే ఆపరేషన్ అయిన ఆడవాళ్ల అవస్థను ఏనాడో బయటపెట్టారు. గర్భసంచితోపాటు అండాశయాలు కూడా తీసేస్తే ఆవిర్లు ఒక్కసారిగా మొదలవుతాయి. ఉంచినా, ముట్లుడిగే దశ కొంత ముందుగానే రావచ్చు.

ఇలా బాధపడే మనిషి మందుల షాపుకు వెళ్తే, చీటీ అడగకుండానే ఒక డబ్బా చేతికొస్తుంది. ‘చెట్టుమందే అక్కా, ఏం కాదు’ అన్న భరోసా కూడా దొరుకుతుంది. ఆ డబ్బాలో ఎక్కువగా ఉండేవి సోయా ఐసోఫ్లేవోన్లు, లేదంటే ఉత్తర అమెరికా అడవి మొక్క బ్లాక్ కోహోష్ వేరు సారం. వీటిలో చాలా వాటిని మందులుగా కాక ఆహార అనుబంధాలుగా అమ్ముతారు. అలాంటి డబ్బా మీద ‘ఔషధ వినియోగానికి కాదు’ అని ముద్రించాలని మన ఆహార భద్రతా నిబంధనలే చెబుతున్నాయి. షాపులో చెప్పే మాటకూ ఆ అక్షరాలకూ పొంతన లేదు.

మరి పనిచేస్తాయా? అమెరికాలోని సియాటిల్ పరిశోధకులు 351 మందిని ఏడాదిపాటు గమనించి 2006లో ఫలితాలు ప్రకటించారు. కొందరికి బ్లాక్ కోహోష్, కొందరికి దానితోపాటు ఇతర మూలికలు, కొందరికి హార్మోన్ మాత్ర, కొందరికి మందేమీ లేని ఉత్తుత్తి బిళ్ల ఇచ్చారు. హార్మోన్ వాడినవారికి రోజుకు నాలుగు ఆవిర్ల దాకా తగ్గాయి. మూలికలు వాడినవారికీ ఉత్తుత్తి బిళ్ల మింగినవారికీ తేడా కనబడలేదు. రొమ్ము క్యాన్సర్ నుంచి కోలుకుంటున్న 85 మంది మీద కొలంబియా విశ్వవిద్యాలయం జరిపిన పరీక్షలోనూ (2001) బ్లాక్ కోహోష్‌ది అదే ఫలితం.

సోయా సంగతి ఇంకాస్త మెలికగా ఉంటుంది. అందులోని డెయిడ్జీన్‌ను ఈక్వాల్ అనే చురుకైన పదార్థంగా మార్చే సూక్ష్మజీవులు అందరి పేగుల్లోనూ ఉండవు. అన్ని పరీక్షలనూ కలిపి చూసిన 2013 నాటి కోక్రేన్ సమీక్ష, సోయా ఆవిర్లను తగ్గిస్తుందని గట్టిగా చెప్పలేమని తేల్చింది. ఒక్క జెనిస్టీన్ సారం విషయంలోనే కొంత ఆశ మిగిల్చింది. అవిసె గింజలదీ ఉత్తుత్తి బిళ్లను మించిన ఫలితం కాదు.

అయితే పక్కింటావిడకు నయమైందే అంటారా? ఆమె చెప్పేది అబద్ధం కాదు. ఇలాంటి పరీక్షల్లో ఉత్తుత్తి బిళ్ల మింగినవారికే ఆవిర్లు నాలుగో వంతు నుంచి సగం దాకా తగ్గిన సందర్భాలున్నాయి. పైగా చాలామందిలో ఇవి కాలంతోపాటు వాటంతటవే నెమ్మదిస్తాయి. ఆరోగ్యంగా ఉన్న మనిషి కొన్నాళ్లు సోయా మాత్ర వాడితే పోయేది చాలావరకు డబ్బే.

పోయేది డబ్బొక్కటే కాని వాళ్లూ ఉన్నారు. నలభై ఆరేళ్ల ఒక తల్లిని ఊహించుకుందాం. రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ అయింది. బయాప్సీ రిపోర్టులో ‘ఈఆర్ పాజిటివ్’ అని ఉంది. అంటే ఆ కణితికి ఈస్ట్రోజెన్ మేత. ఆ మేత అందకుండా డాక్టర్లు రోజుకు 20 మిల్లీగ్రాముల టామాక్సిఫెన్ ఏళ్ల తరబడి వాడమన్నారు. ఆ మందు వల్లే ఆమెకు ఆవిర్లు పెరిగాయి. షాపులో సోయా మాత్రలు కొనుక్కుంది. ఐసోఫ్లేవోన్లు రూపంలో ఈస్ట్రోజెన్‌ను పోలి, అది కూర్చునే చోటే కూర్చోగలవు. టామాక్సిఫెన్ అడ్డుకునేది కూడా ఆ చోటునే. జెనిస్టీన్ తిన్న ఎలుకల్లో టామాక్సిఫెన్ కణితిని ఆపలేకపోయింది. 140 మంది రోగులకు ఆపరేషన్‌కు ముందు సోయా ప్రొటీన్ ఇచ్చి చూసిన అమెరికా పరీక్షలో (2014) కణాల పెరుగుదల వేగం మారలేదు గానీ, కొందరిలో ఆ పెరుగుదలకు సంబంధించిన జన్యువులు చురుకయ్యాయి. మనుషుల్లో ఈ మాత్రలతో క్యాన్సర్ తిరగబెడుతుందని రుజువు కాలేదు. హాని లేదనీ రుజువు కాలేదు. మేలు అంతంతమాత్రమైన మాత్ర కోసం ఈ అనిశ్చితిని నెత్తినేసుకోవడం దేనికి?

అలాగని ఇంట్లో మీల్‌మేకర్ కూర మానేయనక్కర్లేదు. షాంఘైలో రొమ్ము క్యాన్సర్‌కు చికిత్స పొందిన అయిదు వేల మందికి పైగా మహిళలను గమనిస్తే, సోయా ఆహారం ఎక్కువ తిన్నవారిలోనే జబ్బు తిరగబెట్టడం తక్కువగా ఉంది. కూరగా మితంగా తినే సోయాకూ, సారం తీసి మాత్రలో కుక్కిన సోయాకూ ఒకే తీర్పు చెప్పకూడదు. గర్భసంచి ఉన్నవారు మరో సంగతి గమనించాలి. ఇటలీలో రోజుకు 150 మిల్లీగ్రాముల ఐసోఫ్లేవోన్లు అయిదేళ్లు వాడినవారిలో కొందరికి గర్భసంచి లోపలి పొర మందమైంది. ముట్లుడిగాక ఒక్క చుక్క రక్తం కనబడినా పరీక్ష చేయించుకోవాలి.

బ్లాక్ కోహోష్‌తో భయం కాలేయానికి. అరుదుగానైనా కొందరికి కాలేయం దెబ్బతిన్నందుకే ఆస్ట్రేలియా ఆ డబ్బాల మీద హెచ్చరికను తప్పనిసరి చేసింది. ఆ మొక్క పేరుతో వేరే జాతి వేళ్లు కలుస్తున్నట్టు కూడా బయటపడింది. మూత్రం ముదురు రంగుకు తిరిగినా, కళ్లు పచ్చబడినా, ఒళ్లు దురద పెట్టినా ఆ రోజే మాత్ర ఆపాలి. పసిరికలని పసరు మందుకు పోతే పొద్దు పోతుంది. రక్తపరీక్ష చేయించాలి.

ఆ తల్లికి దారులున్నాయి. వెన్లాఫాక్సిన్, రాత్రిపూట గాబాపెంటిన్ లాంటి హార్మోన్ కాని మందులు ఆవిర్లను నిజంగా తగ్గిస్తాయని పరీక్షల్లో తేలింది. పారోక్సెటిన్ కూడా తగ్గిస్తుంది, కానీ అది ఒంట్లో టామాక్సిఫెన్ చురుకైన రూపంలోకి మారకుండా అడ్డుపడుతుంది కాబట్టి ఆమెకు పనికిరాదు. క్యాన్సర్ లేనివారిలో చాలామందికి హార్మోన్ చికిత్సే బాగా పనిచేస్తుంది. రాత్రి చెమటలతోపాటు దగ్గు, జ్వరం, బరువు తగ్గడం ఉంటే అది క్షయ కావచ్చు, ఆవిర్లని సరిపెట్టుకోకూడదు.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం, ఆవిర్లు తాళలేక ఎవరికీ చెప్పకుండా టామాక్సిఫెన్ మానేయడం. సిగ్గుపడి చెప్పని ఆడవాళ్లను డాక్టర్లే అడగాలి: ‘అమ్మా, ఆవిర్లు వస్తున్నాయా? బయట ఏమైనా కొని వాడుతున్నావా?’ డబ్బా అందించే షాపువాళ్లు ‘అక్కా, క్యాన్సర్‌కు ఏమైనా మందులు వాడుతున్నావా?’ అని ఒక్క మాట అడగాలి. తల్లులారా, ఆవిర్ల బిళ్ల మింగేముందు మీ బయాప్సీ రిపోర్టు, వాడుతున్న మందుల చీటీ, కొన్న డబ్బా మూడింటినీ డాక్టరు ముందు పెట్టండి.