సెలవు ముగియక మునుపే

సెలవుపై వెళ్ళిన ఉద్యోగి విమానం రద్దయి చిక్కుబడినప్పుడు, తిరిగి వచ్చాక చెప్పుకోవచ్చులే అని ఊరకుండడం కద్దు. పొరపాటు అక్కడే జరుగుతున్నదని మేము భావిస్తున్నాము. గడువులోగా అందిన లేఖ సెలవు పొడిగింపునకు అభ్యర్థన. గడువు దాటి అందినది గైర్హాజరుకు సంజాయిషీ.

2015 డిసెంబరు 1 రాత్రి చెన్నై విమానాశ్రయం వరదలవల్ల మూతపడింది. 6వ తేదీ ఉదయం వరకు విమానాలు లేవని ప్రకటించారు. నాటి పోర్ట్ బ్లెయిర్ నుండి ఆ దారిన విశాఖకు రావలసిన ఉద్యోగికి 2వ తేదీతో ఆర్జిత సెలవు ముగుస్తున్నదనుకుందాము. ఆయన ఆనాడే వ్రాయవలసిన లేఖ ఇది:

"అయ్యా! చెన్నై విమానాశ్రయము మూతపడినందున నేటి నా విమానము రద్దయినది. 7వ తేదీ ప్రయాణమునకు టికెట్టు ఖాయమైనది. కావున 3 నుండి 7 వరకు 5 రోజులు ఆర్జిత సెలవు పొడిగించ ప్రార్థన. 8న ఉదయము విధులలో చేరగలను. రద్దు సమాచారము, కొత్త టికెట్టు నకళ్ళు జతపరచితిని. ప్రయాణము మరల మారినచో వెంటనే తెలియజేయుదును."

ఇందులో రోజుల లెక్కను గమనించాలి. 5, 6 తేదీల శని, ఆదివారాలు నడుమ పడినందున అవీ ఆర్జిత సెలవులో కలిసిపోతాయి. ఆకస్మిక సెలవు మిగిలి ఉన్నా, దానిని ఆర్జిత సెలవుకు జోడించడానికి కేంద్ర ప్రభుత్వ నిబంధనలు అంగీకరించవు.

లేఖ పంపినంత మాత్రాన సెలవు మంజూరైనట్లు కాదు. జవాబు చేతికందే వరకు కార్యాలయాన్ని అడుగుతూ ఉండడమే క్షేమం.