బట్టీ పట్టొద్దు, చెప్పాల్సింది చెబుదాం



ఆగస్టు 9 వస్తోందంటే మన గ్రూపు వీడియోలతో నిండిపోతుంది. వైజాగ్ హాస్టళ్ళలో ఉంటున్న మనం కొందరం కూర్చుని, పోయినేడు మనవాళ్ళు పెట్టిన వీడియోలు మళ్ళీ చూశాం. చూశాక ఈ పోస్టు రాయకుండా ఉండలేకపోయాం. ఎవరినీ తక్కువ చెయ్యడానికి కాదు. ఆ వీడియోల్లో మేమూ ఉన్నాం.

అన్నిటిలోనూ ఒకటే వరస. బిగుసుకుపోయిన మెడ, ఆర్పని కళ్ళు. "నేటి ఆధునిక సమాజమునందు ఆదివాసీల అస్తిత్వము" అని మొదలు. ముప్ఫై సెకన్లకి ఒక మాట తప్పుతుంది. తప్పగానే కళ్ళు పైకప్పు వైపు పోతాయి, అక్కడ కట్ చేస్తారు, మళ్ళీ మొదలు. ఇదే కుర్రాడు రాత్రి మెస్ దగ్గర 1/70 చట్టం గురించి గంట సేపు ఆపకుండా మాట్లాడతాడు. మరి కెమెరా ముందు ఏమైంది?

"మనోళ్ళకి ధైర్యం చాలదు" అంటారు కొందరు. "తెలుగు మన మాతృభాష కాదు కదా, అందుకే తడబడతారు" అంటారు ఇంకొందరు. ఈ రెండు మాటల్నీ మేం ఒప్పుకోం. తప్పు బట్టీది. స్కూల్లో ఎలక్యూషన్ పోటీకి మాస్టారు పేపర్ మీద రాసిచ్చి, అక్షరం పోకుండా అప్పజెప్పమన్నారే, ఆ అలవాటుది. బట్టీ పట్టినవాడికి ఒక మాట తర్వాతే ఇంకో మాట వస్తుంది. మధ్యలో ఒక్కటి జారితే వెనక ఉన్నవన్నీ పోతాయి. ఇంట్లో కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే మనకి "అస్తిత్వమునందు" లాంటి మాట నోట్లో నిలవడమే కష్టం. ఆ మాట మనం ఎప్పుడూ వాడలేదు, వాడాల్సిన అవసరమూ లేదు.

"కార్డులు చూసి చెప్పడం, ఫోన్లో చూసి చదవడం మోసం కదా" అని పోయిన నెల గ్రూపులో ఒక అన్న రాశారు. "మన పెద్దలు కాగితం లేకుండా రాత్రంతా కథ చెప్పేవాళ్ళు" అని కూడా అన్నారు. అన్నా, ఆ పెద్దలు బట్టీ పట్టలేదు. తాత మన ఊరి భూమి కథ చెప్పేటప్పుడు ముందు కొండ, తర్వాత గెడ్డ, తర్వాత చింతచెట్టు, ఆ తర్వాత ఫారెస్టోళ్ళు వచ్చిన రోజు, ఇలా వరస గుర్తుపెట్టుకుంటాడు. మాటలు మాత్రం ఏ రాత్రికా రాత్రి కొత్తగా పుడతాయి. క్యూ కార్డు చేసేది కూడా అదే పని. టెలిప్రాంప్టర్ సంగతికొస్తే, అమెరికాలో 1950 ప్రాంతంలో ఫ్రెడ్ బార్టన్ అనే నటుడు టీవీలో డైలాగులు గుర్తుపెట్టుకోవడం కష్టంగా ఉందని వేసిన ఆలోచనలోంచి అది పుట్టింది. నటించడమే వృత్తిగా ఉన్నవాళ్ళకి లేని సిగ్గు మనకెందుకు?

ఒక పని తీసుకుని చూద్దాం. సమతా తీర్పు మీద రెండు నిమిషాల వీడియో. మన బొర్రా ప్రాంతంలోని లీజుల మీద నడిచిన కేసు ఇది, మనం తప్పుగా చెప్పకూడనిది. పోయినేడు మనలో ఒక తమ్ముడు దీన్ని ఒక పేజీ రాసి బట్టీ పట్టాడు. పదిహేడో టేక్‌లో మొత్తం వచ్చింది. కానీ 1997 అనాల్సిన చోట 1970 అన్నాడు. 1/70 అనే మాట నోట్లో ఉండి అలా జారింది. పదహారు సార్లు అలసిపోయాక ఎవరూ గమనించలేదు, పెట్టేశాం. కింద కామెంట్లలో ఒకాయన "మీ చట్టం మీకే తెలీదు" అని నవ్వాడు. చెప్పిన విషయం నిజం, అయినా ఒక్క అంకెతో మొత్తం పోయింది.

ఈసారి అదే విషయాన్ని అయిదు కార్డుల మీద రాశాం. పాత క్యాలెండర్ వెనక వైపుని సగం ఎ4 సైజుకి కత్తిరించి, లావు మార్కర్‌తో.

1. బొర్రా, అనంతగిరి మండలం – గనుల లీజులు
2. 1/70 – "వ్యక్తి" అంటే ఎవరు?
3. 1997 జులై 11 – సుప్రీంకోర్టు – గవర్నమెంటు కూడా వ్యక్తే
4. నికర లాభంలో కనీసం 20 శాతం
5. మీ ఊళ్ళో లీజు ఉందా? గ్రామసభలో అడగండి

కార్డు మీద వాక్యం ఉండకూడదు. వాక్యం కనిపిస్తే కన్ను దాన్ని చదువుతుంది, గొంతు వెంటనే పాఠం చదివే గొంతైపోతుంది. పేరు, తేదీ, అంకె మాత్రం పూర్తిగా రాయాలి, ఎందుకంటే తప్పకూడనివి అవే. వాటి మధ్య అతికే మాటలు మన నోరే చూసుకుంటుంది. కువిలో ఆలోచన వచ్చేవాళ్ళు తెలుగు లిపిలోనే కువి మాట రాసుకోండి. కార్డు మీకోసం, చూసేవాళ్ళకి కనిపించదు.

కార్డు ఎక్కడ పట్టుకోవాలన్నదే అసలు సంగతి. ఒళ్ళో పెట్టుకుంటే తల వంగుతుంది. స్నేహితుడు ఫోన్ వెనక నిలబడి, కార్డు పై అంచు లెన్స్‌కి ఆనుకునేలా కిందే పట్టుకోవాలి. అయిపోయిన కార్డుని పక్కకి లాగేయాలి. మీరు పాటించాల్సింది ఒకటే: కార్డు చూస్తున్నంత సేపు మాట్లాడకండి. చూడండి, కళ్ళెత్తండి, అప్పుడు నోరు తెరవండి. ఆ ఒక సెకను మౌనం మీకు పెద్ద గండిలా అనిపిస్తుంది. చూసేవాళ్ళకి మాత్రం మనిషి ఆలోచించి మాట్లాడుతున్నట్టు ఉంటుంది. ఇంకో లాభం కూడా ఉంది. ఆ స్నేహితుడు వింటున్నాడు కాబట్టి మీరు ఒక మనిషికి చెబుతున్నారు, అందుకే గొంతు మామూలుగా ఉంటుంది.

ఇలా తీస్తే మూడో టేక్‌లో వచ్చింది. అతను మూడో కార్డు దగ్గర అన్నది ఇది: "1997 జులై 11. ఆ రోజు సుప్రీంకోర్టు ఒక మాట తేల్చేసింది. ఏజెన్సీలో భూమిని గిరిజనేతరులకి లీజుకిస్తే చెల్లదు. ఇచ్చింది గవర్నమెంటే అయినా చెల్లదు. ఎందుకంటే ఆ చట్టంలో వ్యక్తి అంటే గవర్నమెంటు కూడా." పోయినేడు రాసుకున్న వాక్యం ఇలా ఉండేది: "షెడ్యూల్డు ప్రాంతములలోని భూములను గిరిజనేతరులకు లీజుకు ఇచ్చుట చెల్లదని స్పష్టము చేయబడినది." రెండూ పైకి చదివి చూడండి. మీ అమ్మకి ఏది అర్థమవుతుంది?

మరి టెలిప్రాంప్టర్ ఎప్పుడు? ఒక్క మాట కూడా మారకూడని చోట. నాలుగు సంఘాలు కలిసి రాసిన ప్రకటన, ఐటీడీఏ పీవో గారికి ఇచ్చే వినతిపత్రం, తీర్పులోని ఒక పేరా. అక్కడ "సుమారుగా ఇలా అన్నారు" అంటే కుదరదు. వివరించి చెప్పే వీడియోకి మాత్రం యాప్ వద్దంటాం. యాప్ ముందు మనిషి కథ చెప్పడు, చదువుతాడు.

చదివేది చదివినట్టు ఎందుకు కనిపిస్తుంది? ముందు కళ్ళు. చేతిలో ఫోన్ పట్టుకుని సెల్ఫీ కెమెరాతో తీస్తే లెన్స్ పైన ఉంటుంది, అక్షరాలు తెర మధ్యలో ఉంటాయి. చూపు కిందకి పడుతుంది, పైగా ఎడమ నుంచి కుడికి పరిగెడుతుంది. అందుకే ఫోన్‌ని నిలువుగా, కంటి ఎత్తులో స్టాండ్ మీద పెట్టి మీరు అయిదడుగులు వెనక్కి జరగండి. అక్షరాలకీ లెన్స్‌కీ మధ్య ఎడం అంతే ఉంటుంది, కానీ దూరం మూడింతలయ్యేసరికి చూపు వంకర మూడో వంతుకి తగ్గిపోతుంది. అక్షరాలు పెద్దవి చేసి, తెర పై భాగంలో లెన్స్ కిందే ఉంచి, లైనుకి రెండు మూడు మాటలే పెట్టండి. అడ్డంగా తీస్తే లెన్స్ ఒక పక్కకి పోతుంది, చూపూ పక్కకి పోతుంది. అంత దూరం నుంచి గొంతు సరిగా వినపడదు కాబట్టి, రెండో ఫోన్ రికార్డింగ్ ఆన్ చేసి చొక్కా జేబులో పెట్టుకోండి. మొదట్లో ఒకసారి చప్పట్లు కొడితే తర్వాత రెండూ కలపడం సులువు.

తర్వాత వేగం. చాలా యాప్‌లు నిమిషానికి ఇన్ని పదాలని ఒక లెక్క పెట్టి ఉంచుతాయి. అది ఇంగ్లీషు పదాల లెక్క. "చెప్పాల్సివచ్చిందంటే" మనకి ఒక్క పదం, ఇంగ్లీషులో అది మూడు నాలుగు. ఆ వేగం వదిలేస్తే తెర ముందు పోతుంది, మనం ఎద్దులబండి వెనక పరిగెత్తినట్టు రొప్పుతాం. ముందు ఒక నిమిషం మామూలుగా చదివి, ఎన్ని పదాలయ్యాయో లెక్కపెట్టి ఆ అంకె పెట్టండి. స్నేహితుడుంటే అతని వేలితో జరిపించడం ఇంకా మేలు, మీరు ఆగితే తెరా ఆగుతుంది. లైను ఎక్కడ విరగాలో కూడా యాప్‌కి వదలకండి. ఊపిరి తీసుకునే చోట మీరే ఎంటర్ నొక్కండి. లేకపోతే "గిరిజనే" ఒక లైన్లో, "తరులకి" ఇంకో లైన్లో పడి గొంతు అక్కడే కుంటుతుంది. Mirror అనే ఆప్షన్ ఆఫ్‌లో ఉంచండి. అది కెమెరా ముందు అద్దం పెట్టుకునే స్టూడియోలకి. మన ఫోన్లో ఆన్ చేస్తే అక్షరాలు తిరగబడతాయి.

ఇంకో మాట. అందరికీ ఆర్కే బీచ్ కావాలి, వెనక అలలు కావాలి. ఎండలో ఫోన్ తెర కనపడదు, గాలికి కార్డు వణుకుతుంది, మీరు కళ్ళు చికిలిస్తారు. హాస్టల్ వరండాలో పొద్దున్నే తీసింది దానికన్నా మేలు. గాజువాక వైపు ఉండేవాళ్ళు లారీల మోత మొదలవకముందే తీసెయ్యండి.

కార్డులూ యాప్‌లూ తెలియని విషయాన్ని తెలిసేలా చెయ్యవు, ఇది కూడా ఒప్పుకోవాలి. తీయబోయే ముందు కార్డులు బోర్లా పెట్టి, పక్కవాడికి విషయం మొత్తం ఒకసారి చెప్పి చూడండి. ఎక్కడ ఆగిపోయారో అక్కడ మీకు మాట కాదు, విషయమే తెలీదు. వెళ్ళి చదువుకుని రండి, అప్పుడు తీద్దాం.

మాకు కావాల్సింది ఇది. ఈ ఆగస్టు 9కి గ్రూపులో పెట్టే ఏ వీడియో కూడా అప్పజెప్పిన పాఠంలా ఉండకూడదు. ఎలక్యూషన్ పోటీలు పెట్టే అన్నలూ, అక్కలూ, పిల్లలకి పేరాలు రాసివ్వడం ఆపండి. అయిదు ఖాళీ కార్డులూ ఒక మార్కరూ ఇవ్వండి. ఏం రాసుకోవాలో వాళ్ళకి తెలుసు.

జై ఆదివాసీ!