నకలు సైటులో పాత లెక్క

బళ్లారి, హోసపేటల్లో మన తెలుగు కుర్రాళ్లు రైల్వే ప్రకటన చూసేది కోచింగ్ సైట్లలో, వార్తల సైట్లలో. తెలుగులో ఉంటుంది, సులువు మరి. చిక్కేమంటే, వాళ్లు మొదటిరోజు నకలు తీసి పెడతారు. తర్వాతొచ్చే సవరణ చాలాసార్లు ఆ పేజీకి ఎక్కదు.

2024 జనవరిలో అసిస్టెంట్ లోకో పైలట్ ప్రకటన వచ్చింది, నంబరు 01/2024. ఖాళీలు 5,696 అన్నారు. జూన్‌లో 18,799కి పెంచారు. బోర్డును మళ్లీ ఎంచుకోమని దరఖాస్తుదారులకు గడువూ ఇచ్చారు. ఒకరు ఒకే బోర్డుకు పెట్టుకోవాలి. రెండింటికి పెడితే తిరస్కరిస్తారు. అంచేత సికింద్రాబాదా, బెంగళూరా అని మళ్లీ ఆలోచించుకునే వీలది. పాత లెక్క నమ్ముకున్నోడికి ఆ సంగతే తెలీదు.

బెంగళూరు బోర్డు సైటు rrbbnc.gov.in. అక్కడ ప్రకటన నంబరు పట్టుకుని, దాని కింద సవరణలేమైనా ఉన్నాయా చూడాలి. కోచింగ్ పేజీలో ఆ నంబరే లేకపోతే అనుమానించాల్సిందే.

అయితే తప్పంతా కుర్రాళ్లదీ కాదు. తెలుగులో పరీక్ష రాయనిచ్చే బోర్డు, సవరణను మాత్రం తెలుగులో ఎందుకు పెట్టదు? నకలు తీసేవాళ్లు కూడా ఏ తేదీన తీశారో పైన రాస్తే వాళ్ల సొమ్మేం పోతుంది?