టేపులో ఒక మాట, నోటులో ఒక మాట



కేంద్ర ప్రభుత్వ కొలువుల్లో గ్రూపు-సి, నాన్ గెజిటెడ్ గ్రూపు-బి పోస్టుల ప్రత్యక్ష నియామకాలకు 2016 జనవరి 1 నుండి ఇంటర్వ్యూ రద్దయింది. అంతమాత్రాన ఆ పీడ విరగడైందని సంబరపడనక్కరలేదు. పై మెట్టు ఎంపికల్లోనూ, మనమే నడుపుకొనే పరపతి సంఘాల్లోనూ అది బతికే ఉంది. 1980లో అజయ్ హసియా కేసులో సుప్రీంకోర్టు మూడింట ఒక వంతు మార్కులను మౌఖిక పరీక్షకు కట్టబెట్టడాన్ని తప్పుపట్టింది. ఏ ప్రశ్న అడిగారో, ఏ జవాబు వచ్చిందో సాక్ష్యం మిగిలేందుకు ఇంటర్వ్యూను టేపు చేయడం వాంఛనీయమనీ చెప్పింది.

నేడు టేపు చేస్తున్నారు. కానీ దాన్ని వినేదెవరు? ఆ గదిలో లేని ఎంపిక కమిటీ సభ్యుని ముందుకు వచ్చేది ఒక్క పేజీ మదింపు నోటు. నిరంకుశత్వం ఇంటర్వ్యూ గది విడిచి ఆ పేజీలోకి కాపురం మార్చిందని నా అభియోగం.

నేను సభ్యుడిగా ఉన్న ఒక పరపతి సంఘపు కమిటీ అనుభవం చెబుతాను. ఖజానా గుమాస్తా పోస్టుకు వచ్చిన ఒక యువతి గురించి నోటులో ఉన్నది మూడు ముక్కలే: "తడబాటు ఎక్కువ. ఆత్మవిశ్వాసం తక్కువ. లెక్కల పరిజ్ఞానం ఫరవాలేదు." ఇంటర్వ్యూ నాడు నేను ఊళ్లో లేను. అందుచేత టేపు నుండి టైపు చేసిన పూర్తి పాఠాన్ని తెప్పించుకున్నాను.

సాయంత్రం పుస్తకం ప్రకారం ఉండవలసిన నగదు కంటే చేతిలో 2,700 రూపాయలు తక్కువ వస్తే ఏం చేస్తారన్నది ఆరో నిమిషంలో అడిగిన ప్రశ్న. ఆమె వెంటనే జవాబివ్వలేదు. "ఆ రోజు వోచర్లన్నీ పుస్తకంలోకి ఎక్కినట్టేనా?" అని ఎదురడిగింది. నోటు దృష్టిలో అదే తడబాటు! తరువాత చెప్పిన జవాబు ఇది: ఇంకొకరిని పక్కన పెట్టుకొని నగదు మళ్లీ లెక్కిస్తాను, రసీదుల అడుగుప్రతులను పుస్తకంతో సరిపోలుస్తాను, 2,700 తొమ్మిదితో భాగింపబడుతున్నది కనుక అంకెలు తారుమారయ్యాయేమో, అంటే 5,800 రాబడిని 8,500గా రాశారేమో వెతుకుతాను, అది కాకుంటే చెల్లింపు ఏదైనా పొరబాటున రాబడి వైపు ఎక్కిందేమోనని అందులో సగం, 1,350 పద్దు కోసం చూస్తాను. ఇది పద్దుల పుస్తకంతో కుస్తీ పట్టిన చెయ్యి. "ఫరవాలేదు" అన్న ముక్క దీనిని మింగేసింది.

ఆమె పక్షాన వకాల్తా పుచ్చుకోవడం నా పని కాదు. నగదు తక్కువైన సంగతిని ఆ సాయంత్రమే పైవారికి రాతపూర్వకంగా తెలపాలన్న మాట ఆమె తనంతట చెప్పలేదు. "ఇంకెవరికైనా చెప్పాలా?" అని సభ్యుడు అందించిన తరువాతే తొమ్మిదో నిమిషంలో చెప్పింది. ఖజానా కొలువుకు ఇది చిన్న లోపం కాదు. మా కమిటీ నోటును తిరగరాయించినప్పుడు ఇదీ చేరింది: "అడిగిన మీదట చెప్పింది, 9వ నిమిషం."

సమతూకమంటే ఒక మెప్పుకు ఒక తప్పును జత చేయడమని కొందరు పెద్దలు భ్రమపడుతున్నారు. లోపం లేనిచోట లోపాన్ని సృష్టించి త్రాసు సరిచేయడం కొలత కాదు, కల్తీ. కొలువుకు కావలసిన గుణాలను ముందే నిర్ణయించుకొని, ఒక్కొక్క దాని కింద అభ్యర్థి ఏమన్నాడో నిమిషంతో సహా రాసి, ఆ తరువాత వేరే వరుసలో మన అంచనా రాయడమే సమతూకం. "ఆత్మవిశ్వాసం తక్కువ" అన్నది అంచనా. దానికి ఆధారమైన మాట పక్కన లేకపోతే కొట్టివేయాలి. అడగని విషయానికి "అడగలేదు" అని రాయాలి గాని "తెలియదు" అని రాయరాదు. మా నోట్లలో ఈ దగా రెండు చోట్ల దొరికింది.

టైపు పాఠమూ వేదం కాదు. ఇంకొక అభ్యర్థి "సంతకం లేకుండా చెల్లించను" అంటే, "చెల్లించాను" అని టైపయింది. ఒక్క దీర్ఘంతో నిజాయితీపరుడు నేరస్థుడయ్యాడు! నిర్ణయం ఆధారపడే చోట్ల, ముఖ్యంగా అంకెలూ "లేదు", "కాదు"లూ ఉన్న చోట్ల, టేపు మళ్లీ వినక తప్పదు.

ఇంత తీరిక ఎవరికున్నదని అధికారులు అడుగుతారు. ఒక్కొక్క టేపు ఇరవై నిమిషాలు మించలేదు. అభ్యర్థులు అయిదుగురు. రెండో గుమాస్తా ఒకరు మధ్యాహ్నమంతా కూర్చుంటే పని అయిపోయింది; కొత్త నోటు కూడా ఒక్క పేజీయే. మేము తీర్మానంలో మరొకటి చేర్చాము: నోటు రాసినవారి సంతకం అడుగున ఉండాలి, అభ్యర్థి కోరితే ప్రతి ఇవ్వాలి. పాత నోటు కింద ఎవరి సంతకమూ లేదు.