భాషే ఆలోచనను మలుస్తుందా?

మన బడుల సమావేశాల్లో, అధికారులకిచ్చే విన్నపాల్లో ఒక మాట తరచూ వినిపిస్తోంది. పిల్లలు ఏ భాషలో పెరిగితే ఆ భాషే వాళ్ల ఆలోచనను మలుస్తుందని సైన్సు తేల్చేసిందట. తెలుగు మాధ్యమం నిలవాలనే మేమూ కోరుకుంటాం. అయితే ఈ వాదన ఒక్క ఎదురు ప్రశ్నకే కూలిపోతుందేమోనన్నది మా భయం.

తమిళనాడులో మన పక్కనే జరిగిన అధ్యయనాన్నే చూడండి. 1990లలో ఎరిక్ పెడర్సన్ అనే భాషావేత్త అక్కడి తమిళుల మాటతీరును గమనించారు. వస్తువు ఎక్కడుందో చెప్పడానికి పట్నంవాళ్లు కుడి, ఎడమ వాడుతుంటే, పల్లెవాళ్లు బల్ల మీది వస్తువుకు కూడా ఉత్తరం, దక్షిణం అంటున్నారు. ఇలాంటి పరిశోధనల్లో పెట్టే పరీక్ష ఇది: ఉత్తరానికి తిరిగి కూర్చున్న మనిషి ముందు బొమ్మ జంతువులను వరసగా, తలలు కుడికి, అంటే తూర్పుకు ఉండేలా పెడతారు. తర్వాత ఆయన్ను వెనక్కి తిప్పి, ఇంకో బల్ల మీద ‘అలాగే’ పేర్చమంటారు. మళ్లీ కుడికే పెడితే తలలు పడమటికి తిరుగుతాయి. తూర్పుకే పెడితే ఎడమకు వస్తాయి. దిక్కులతో మాట్లాడేవారు పేర్చడంలోనూ దిక్కులవైపే మొగ్గారు.

కానీ అందరిదీ తమిళమే కదా! కాబట్టి కారణం భాష అనలేం, మహా అయితే వాడుక అలవాటు అనాలి. అదీ అనుమానమే. పొలాల మధ్య బతకడం, సందుల్లో తిరగడం అనే తేడాయే మాటతీరును, పేర్చే తీరును రెంటినీ మార్చి ఉండొచ్చు. రెండు గుంపులను పోల్చినంత మాత్రాన ఈ చిక్కు విడదు.

2002లో పెగ్గీ లీ, లీలా గ్లైట్‌మన్ అమెరికా విద్యార్థులకు ఇదే పరీక్ష పెట్టారు. చుట్టూ కనిపించే ఆనవాళ్లను మారిస్తే వాళ్ల జవాబులూ మారాయి. లెవిన్సన్ బృందం దీన్ని గట్టిగా ఖండించింది. 2011లో మెక్సికోలో, కుడి ఎడమలకు బదులు ఎగువ, దిగువ అనే ట్సెల్టాల్ భాషీయులకు ఒకే సరైన జవాబు ఉండే పరీక్షలు పెట్టారు. తమ ఒంటి కుడి ఎడమలను బట్టి చేయాల్సిన వాటినీ వాళ్లు చక్కగా చేశారు. మాకు దీని బలమే ఎక్కువగా తోస్తుంది. ‘అలాగే’ అన్న మాటకు రెండు అర్థాలున్నప్పుడు ఎవరైనా తమకు అలవాటైనదే ఎంచుకుంటారు. రెండోది వాళ్ల ఊహకు అందదని దానర్థం కాదు.

రంగుల విషయంలో సాక్ష్యం ఇంతకంటే గట్టిది. రష్యన్‌లో ముదురు నీలానికి ‘సీనీ’, లేత నీలానికి ‘గలుబోయ్’ అని వేర్వేరు పేర్లున్నాయి. 2007 నాటి ప్రయోగంలో, చూపిన రెండు నీలాలు చెరో పేరు కిందికి వస్తే రష్యన్లు వాటిని త్వరగా వేరుపరిచారు. ఇంగ్లిష్ వాళ్లలో ఆ తేడా కనబడలేదు. ఆ పనిచేస్తూనే ఎనిమిది అంకెల సంఖ్యను మనసులో వల్లె వేయమంటే రష్యన్ల ఆధిక్యం పోయింది. గళ్ల బొమ్మను గుర్తుంచుకోమంటే మాత్రం పోలేదు. ఇక్కడ పరిశోధకులు పోల్చి ఊరుకోలేదు, మాటను అడ్డుకుని చూశారు. అందుకే మాటే కారణమనే వీలు చిక్కింది. ఆ కారణం పనిచేసింది కూడా దగ్గరి ఛాయలను వేరుచేసే ఆ క్షణంలో, వేగం మీదే. రష్యన్ల కన్ను వేరనీ, వాళ్ల ఆలోచనే వేరనీ అందులో లేదు. పాఠం ఏ భాషలో చెప్పాలన్న సంగతి అసలే లేదు.