ఒత్తు దగ్గర ఆగిన వేలు

రిటైరైన మాస్టారు, మనవరాలు, కొత్త స్మార్ట్‌ఫోన్. ఈ వస్తువు మీద మా పత్రికకు కథలు తరచుగా వస్తుంటాయి. చాలా కథల్లో తాతయ్య కాసేపు తడబడతాడు, మనవరాలు ఓపిగ్గా నేర్పుతుంది, చివరికి అమెరికాలో ఉన్న కొడుకు వీడియో కాల్‌లో కనిపిస్తాడు. తాతయ్య ఏం నేర్చుకున్నాడో, ఎక్కడ ఆగిపోయాడో మాత్రం ఉండదు. ఈ సంచికలోని కథ రచయిత్రి సరిగ్గా అక్కడే నిలబడి చూశారు. అందుకే దాన్ని ఎంచుకున్నాం.

మాస్టారికి మొదటి ఇబ్బంది వేలితోనే. ఏళ్ల తరబడి సుద్దముక్కను అదిమి రాసిన చేయి అది. ఫోన్‌కేమో వేలు ఎంత గట్టిగా నొక్కిందన్నది కాదు, ఎంతసేపు ఆగిందన్నది లెక్క. అందుకే ఆయన నొక్కితే యాప్ తెరుచుకోదు, ఏదో మెనూ పైకి లేస్తుంది. "నొక్కద్దు తాతయ్యా, తాకి వదిలెయ్" అంటుంది మనవరాలు. విసుగొచ్చి ఫోన్ లాక్కుని తనే చేసేస్తుంది. "నువ్వు చేస్తే నాకెలా వస్తుంది తల్లీ? చేతులు కట్టుకుని నోటితో చెప్పు" అంటాడాయన. పంతులుతనం గురించి కథలో వేరే వర్ణన అక్కర్లేకపోయింది.

తర్వాత పాత మిత్రుడికి "శాస్త్రి గారూ" అని రాయాలి. ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టెయ్యమంటే ఆయన ఒప్పుకోడు. మనవరాలు తెలుగు కీబోర్డు పెట్టిస్తుంది. "శా" వచ్చింది, "స" వచ్చింది. తవత్తు ఎంత వెతికినా లేదు. ఇంగ్లీషు మీడియం పిల్ల, తనకూ తెలియదు. 1991లో యూనికోడ్ తొలి వెర్షన్‌లోనే తెలుగుకు చోటు దొరికినా, అందులో ఒత్తులకు విడిగా గుర్తులు లేవు. హల్లు, పొల్లు, మళ్లీ హల్లు వరుసగా వస్తే ఒత్తు దానంతటదే ఏర్పడుతుంది.

ఇవేవీ మాస్టారికి తెలియవు. కానీ పొల్లు గుర్తు కంటపడగానే, అచ్చు తీసేసిన హల్లుకు ఇంకో హల్లు చేరితేనే ఒత్తని తాను బడిలో చెప్పిన పాఠం గుర్తొస్తుంది. స, పొల్లు, త, పొల్లు, ర, గుడి. అక్షరం కూడింది. తర్వాత ఒక్కొక్కటే చెరిపి చూపిస్తాడు. గుడి పోతుంది, రవత్తు పోతుంది, పొల్లు పోతుంది. అంతవరకూ "స్త్రి"ని ఒకే బొమ్మగా చూసిన పిల్ల, అందులో మూడు హల్లులున్నాయని అప్పుడు గ్రహిస్తుంది.

తొలి ప్రతిలో దీని తర్వాత తరాల వారధి గురించి ఒక పేరా ఉండేది. తీసేయమని కోరితే రచయిత్రి మన్నించారు. చెరిపి చూపిన ఆ సన్నివేశానికి వ్యాఖ్యానం అవసరం లేదు. ఇలాంటి వస్తువు తీసుకునే కథకులకు మా మనవి ఒకటే: అనుబంధం గురించి చెప్పే ముందు, మీ పాత్ర ఏ పనిలో, ఏ మెట్టు దగ్గర ఆగిందో తెలుసుకోండి. దాన్ని దాటడానికి తన జీవితంలోంచి ఏం తీసిందో రాయండి.