వాయిదా ఆగితే జామీనుదారుకు ముందు తెలియాలి

ఈసీఐఎల్ చౌరస్తా నుంచి కీసర వెళ్లే దారిలో ఉన్న నాగారంలో నెల జీతంతో ఇల్లు నడిపే కుటుంబాలు చాలా ఉన్నాయి. ఈసీఐఎల్, ఎన్ఎఫ్‌సీ, ఆర్టీసీ, ప్రభుత్వ బడులు, నాచారం, ఉప్పల్ పారిశ్రామిక వాడలు... ఎక్కడ పనిచేసినా శాలరీ సర్టిఫికెట్ తెచ్చుకోగల మనిషికి తోటి ఉద్యోగి నుంచో పక్కింటాయన నుంచో ఎప్పుడో ఒకప్పుడు ఒక అభ్యర్థన వస్తుంది. ‘అన్నా, చిట్టీ పాడుకున్నా, ష్యూరిటీ కావాలె. ఒక్క సంతకం.’ కాదనడం కష్టం. రేపు మన పిల్ల పెళ్లికో ఇంటి స్లాబుకో చిట్టీ ఎత్తుకుంటే అదే మనిషి మనకు సంతకం పెట్టాలి. అలా ఒకరికొకరు జామీను ఉండటం మీదే ఈ ప్రాంతంలో చిట్టీల వ్యవహారం నడుస్తోంది.

సంతకం పెట్టినవారిలో ఎక్కువమందిది ఒకే నమ్మకం. మిత్రుడు కట్టకపోతే కంపెనీ ముందు అతని మీద పడుతుందని, అతని దగ్గర ఏమీ దొరక్కపోతేనే తమ దాకా వస్తుందని అనుకుంటారు. చట్టం అలా చెప్పదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరే షరతు లేకపోతే, జామీనుదారు బాధ్యత అసలు బాకీదారు బాధ్యతతో సరిసమానం. అప్పు ఇచ్చినవారు ఇద్దరిలో ఎవరి మీదికైనా వెళ్లవచ్చు, ఇద్దరి మీదికీ ఒకేసారి వెళ్లవచ్చు, జామీనుదారు ఒక్కడి మీదికే కూడా వెళ్లవచ్చు. బ్యాంకు రుణానికీ, సహకార సంఘం అప్పుకీ, చిట్టీకీ మూలసూత్రం ఇదే.

బ్యాంక్ ఆఫ్ బిహార్, దామోదర్ ప్రసాద్ కేసులో కింది కోర్టు బ్యాంకుకు ఒక షరతు పెట్టింది: ముందు అసలు బాకీదారు మీద అన్ని మార్గాలూ ప్రయత్నించాలి, ఆ తర్వాతే జామీనుదారు జోలికి పోవాలి. హైకోర్టు కూడా ఔనంది. 1968లో సుప్రీంకోర్టు ఆ షరతును కొట్టేసింది. అప్పు ఇచ్చినవారిని అలా ఆగమంటే జామీను తీసుకున్న ప్రయోజనమే పోతుందన్నది కోర్టు మాట. తనఖా ఉన్న అప్పుల విషయంలో 1987లో ఒక తీర్పు జామీనుదారులకు కాస్త ఊరట ఇచ్చింది. ముందు తనఖా ఆస్తి అమ్ముకోవాలని ఆ తీర్పు చెప్పింది. 1992లో ఇండెక్స్‌పోర్ట్ కేసులో సుప్రీంకోర్టే ఆ దారిని సరికాదంది. ఈ సూత్రంలో తప్పు లేదని నా అభిప్రాయం. జామీనే లేకపోతే ఆస్తి లేని ఉద్యోగికి అప్పు పుట్టదు. నా అభ్యంతరం వేరే చోట ఉంది. దానికి ముందు ఒక లెక్క చూడాలి.

పది లక్షల చిట్టీ, యాభై మంది, యాభై నెలలు, నెలకు 20,000 అనుకుందాం. పదో నెల పాటలో మిత్రుడు మూడు లక్షలు తగ్గించుకుని ఏడు లక్షలు ఎత్తుకున్నాడు. ఇంకా కట్టాల్సిన వాయిదాలు నలభై, అంటే ఎనిమిది లక్షలు. నెలనెలా డివిడెండు వస్తే చేతి నుంచి పోయేది కొంత తగ్గుతుంది. అయినా జామీను కాగితం మీద భరోసా ఇస్తున్నది ఈ ఎనిమిది లక్షలకే. మిత్రుడి చేతికి వచ్చింది ఏడే కదా అన్న వాదన అక్కడ పనికిరాదు. అతను మరో పన్నెండు నెలలు సక్రమంగా కట్టి, ఇరవై మూడో వాయిదా నుంచి ఆపేశాడు. మిగిలినవి ఇరవై ఎనిమిది వాయిదాలు, 5,60,000 రూపాయలు.

ఇక్కడ 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం రంగంలోకి వస్తుంది. పాడుకున్న సభ్యుడు వాయిదా తప్పితే ఇకపై రావాల్సిన వాయిదాలన్నీ ఒకేసారి కట్టాల్సి వస్తుందని 32వ సెక్షన్ అంటుంది. దానికి కంపెనీ రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. తర్వాత వివాదం సివిల్ కోర్టుకు కాకుండా స్టాంపులు, రిజిస్ట్రేషన్ల శాఖ కింద పనిచేసే చిట్స్ రిజిస్ట్రార్ దగ్గరికి వెళుతుంది. మిత్రుడితో పాటు జామీనుదారులందరినీ అక్కడ ప్రతివాదులుగా చేరుస్తారు. రిజిస్ట్రార్ ఇచ్చే అవార్డును సివిల్ కోర్టు డిక్రీలా అమలు చేయించుకోవచ్చు, భూమి శిస్తు బకాయిలా కూడా వసూలు చేయించుకోవచ్చు.

ఈ దారిలో జామీనుదారుకు పనికొచ్చే ఒక మలుపు ఉంది. చాలామందికి అది తెలియదు. 33వ సెక్షన్ ప్రకారం, విచారణకు వేసిన తేదీలోపు అప్పటిదాకా తప్పిన వాయిదాలు, వాటి మీద ఒప్పందంలో ఉన్న వడ్డీ, కేసు ఖర్చులు కట్టేస్తే, ఒప్పందంలో ఏమి రాసుకున్నా సరే, మిగతావి ఎప్పటికప్పుడు వాయిదాల్లోనే కట్టమని రిజిస్ట్రార్ ఆదేశించాలి. మన లెక్కలో విచారణ నాటికి ఎనిమిది వాయిదాలు తప్పి ఉంటే కట్టాల్సింది 1,60,000, దానిమీద వడ్డీ, ఖర్చులు. ఆ తేదీ దాటిపోతే అవార్డు 5,60,000కు పడుతుంది. నోటీసు తీసుకోకుండా తిప్పి పంపినవాడు, ‘నేను తీసుకున్న డబ్బు కాదు కదా’ అని విచారణకు వెళ్లనివాడు పోగొట్టుకునేది ఈ తేడానే. చట్టం సభ్యుడు కట్టాలనే అంటుంది కాబట్టి, జామీనుదారు తన డబ్బు పెట్టినా మిత్రుడి చిట్టీ నంబరు మీదే జమ చేయాలి. నగదు ఇవ్వకుండా బ్యాంకు ద్వారా కట్టి రసీదు తన దగ్గరే ఉంచుకోవాలి. రేపు ఆ సొమ్ము తిరిగి అడగడానికి ఆ కాగితమే ఆధారం.

అవార్డు అమలుకు వచ్చాక కంపెనీ ఎవరిని ఎంచుకుంటుంది? ముగ్గురు జామీనుదారులుంటే ముగ్గురి దగ్గర మూడో వంతు చొప్పున అడగాలన్న నియమం లేదు. ఎవరి జీతం తేలిగ్గా పట్టుకోవచ్చో వారి దగ్గరికే వెళుతుంది. కోర్టు ఉత్తర్వు నేరుగా జీతం ఇచ్చే అధికారికి చేరుతుంది. ప్రైవేటు కంపెనీ యజమానికీ ఇదే పద్ధతి వర్తిస్తుంది. ఎంత కోయవచ్చో సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ చెబుతుంది: మినహాయింపు ఉన్న అలవెన్సులు పోగా మిగిలిన జీతంలో మొదటి వెయ్యి రూపాయలు, ఆపై మొత్తంలో మూడింట రెండు వంతులు ముట్టుకోకూడదు. అంటే 61,000 జీతంలో నెలకు 20,000 పోతుంది. పిల్లల ఫీజులు, ఇంటి లోన్ ఈఎంఐ మిగిలిన 41,000లోంచే.

ఈ కోతకు హద్దు కూడా ఉంది. ఒక డిక్రీ కింద మొత్తం ఇరవై నాలుగు నెలలు కోశాక, అదే డిక్రీకి ఆ జీతాన్ని మళ్లీ జప్తు చేయకూడదు. మన లెక్కలో అది 4,80,000 దగ్గర ఆగుతుంది. అంతటితో బాకీ తీరినట్టు కాదు. మిగిలింది, వడ్డీ ఇతర ఆస్తుల నుంచి రాబట్టుకోవచ్చు. ఇరవై నాలుగు నెలలు దాటినా కోత సాగుతుంటే కోర్టుకు చెప్పుకుని ఆపించుకోవాల్సింది ఉద్యోగే. పెన్షన్‌కు, గ్రాట్యుటీకి, ప్రావిడెంట్ ఫండ్‌కు జప్తు నుంచి రక్షణ ఉంది. రిటైరయ్యాక వచ్చిన పెన్షన్, గ్రాట్యుటీ సొమ్మును ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేసుకున్నా ఆ రక్షణ పోదని రాధేశ్యామ్ గుప్తా కేసులో 2008లో సుప్రీంకోర్టు చెప్పింది. జైలుకు పంపిస్తామని ఫోనులో బెదిరించే వసూలుదారుల మాట విని కుంగిపోనక్కర్లేదు. కట్టలేని స్థితిలో ఉన్నవారిని కేవలం బాకీ ఉందన్న కారణంతో జైల్లో పెట్టకూడదని 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో అదే కోర్టు తేల్చింది. చేతిలో ఉండీ ఎగ్గొట్టేవారికి మాత్రం ఆ తీర్పు రక్ష కాదు.

కట్టిన సొమ్ము తిరిగి రాబట్టుకునే హక్కు కాగితం మీద బలంగానే ఉంది. న్యాయంగా కట్టిన ప్రతి రూపాయీ మిత్రుడి నుంచి అడగవచ్చు. అప్పు ఇచ్చినవారి దగ్గర మిత్రుడి ఆస్తి పత్రాలేమైనా ఉంటే వాటి మీది హక్కు కూడా కట్టిన మేరకు జామీనుదారుకే వస్తుంది. తోటి జామీనుదారులు సమానంగా భరించాలి కాబట్టి, 4,80,000 ఒక్కడే కట్టి ఉంటే మిగతా ఇద్దరి నుంచి చెరో 1,60,000 అడగవచ్చు. కానీ వాయిదాలే కట్టలేకపోయిన మిత్రుడి మీద కేసు గెలిచి ఏం వసూలు చేస్తాం? అందుకే అసలు రక్షణ తర్వాత వేసే దావాలో కన్నా మొదటి వాయిదా తప్పిన నెలలోనే ఎక్కువ ఉంది.

నా అభ్యంతరం అక్కడే. ఆ నెల సంగతి జామీనుదారుకు చెప్పాల్సిన బాధ్యత కాంట్రాక్టు చట్టం ఎవరి మీదా పెట్టలేదు. పైగా 137వ సెక్షన్ ప్రకారం, అప్పు ఇచ్చినవారు ఊరికే ఆగినంత మాత్రాన జామీనుదారు విడుదల కాడు. అతనికి తెలియకుండా అప్పు షరతులు మారిస్తే విడుదల ఉంటుందని 133వ సెక్షన్ అంటుంది. అయితే ‘ముందే సమ్మతిస్తున్నాను’ అన్న వాక్యం అచ్చు ఫారంలో ఉంటే ఆ రక్షణ కూడా సంతకంతోనే పోతుంది. ఇచ్చేసిన అప్పుకు పెట్టిన జామీనును ఏకపక్షంగా వెనక్కి తీసుకోవడమూ కుదరదు. అప్పు ఇచ్చినవారు ఒప్పుకుని మరొకరిని తీసుకుంటే తప్ప బయటపడే దారి లేదు. కంపెనీ ఎనిమిది నెలలు మౌనంగా ఉంటే ఆ ఎనిమిది నెలల వడ్డీ కూడా అతని మీదే పడుతుంది.

అందుకే జామీను ఉండక తప్పనివారు సంతకానికి ముందే కొన్ని పనులు చేయించుకోవాలి. ఖాళీలున్న ప్రామిసరీ నోటు మీద సంతకం పెట్టకూడదు. పెడితే, ఇచ్చిన స్టాంపు విలువ మేరకు ఆ ఖాళీలు నింపుకునే అధికారం పట్టుకున్నవారికి ఇచ్చినట్టే. తోటి జామీనుదారులెవరో, వారిలో జీతం ఉన్నవారు ఎందరో కనుక్కోవాలి. మీ ఒక్కరికే స్థిరమైన జీతం ఉంటే భారం ఎవరి మీద పడుతుందో చెప్పనక్కర్లేదు. వాయిదా తప్పితే మీకు కూడా రాతపూర్వకంగా తెలపాలన్న వాక్యం ఒప్పందంలో చేర్చమని అడగాలి. కాదంటే ప్రతి నెలా మిత్రుడి పాస్‌బుక్కు చూపించాలన్న షరతు మీదే సంతకం పెట్టాలి. బ్యాంకు రుణమైతే మీ సిబిల్ రిపోర్టు మీరే తీసి చూసుకోవచ్చు. జామీను ఉన్న అప్పు అందులో మీ పేరు మీద కూడా కనిపిస్తుంది. అక్కడ వాయిదా తప్పిన గుర్తు పడితే మీ సొంత ఇంటి రుణానికి అడ్డు వస్తుంది.

ఇది ఒక్కొక్కరి జాగ్రత్తకు వదిలేయాల్సిన విషయం కాదు. రెండో వాయిదా తప్పిన వెంటనే ప్రతి జామీనుదారుకూ ఎస్ఎంఎస్ ద్వారా, స్పీడ్ పోస్టు ద్వారా సమాచారం ఇవ్వాలని, ఇవ్వని కాలానికి జామీనుదారు నుంచి వడ్డీ అడగకూడదని తెలంగాణ ప్రభుత్వం చిట్ ఫండ్స్ నిబంధనల్లో చేర్చాలి. చిట్టీలకు రిజిస్ట్రార్ వ్యవస్థ ఇప్పటికే ఉంది. జామీనుదారుల చిరునామాలు, ఫోన్ నంబర్లు సంతకం నాడే కంపెనీల దగ్గరికి చేరుతున్నాయి. దీనికి కొత్త కార్యాలయం అక్కర్లేదు, కొత్త ఖర్చు అక్కర్లేదు. స్టాంపులు, రిజిస్ట్రేషన్ల శాఖ ఈ ఒక్క నిబంధన ముసాయిదాను వెంటనే తయారుచేయాలి.